పవర్ బ్యాంక్ వీడియోలు తీస్తున్నవారికి హెచ్చరిక: ఒక్క లాభమే చెప్పండి, దాని షరతును వదలకండి

పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, సంగారెడ్డి మొబైల్ షాపుల యజమానులు, పవర్ బ్యాంకులు తెచ్చి అమ్మే డీలర్లు, వాళ్లకు రీళ్లు తీసిపెట్టే కుర్రాళ్లు ఈ పూటే చేయాల్సిన పని ఒకటుంది. మీ వాట్సాప్ స్టేటస్‌లో గానీ, షాపు ఇన్‌స్టా పేజీలో గానీ "పది వేల ఎంఏహెచ్, మీ ఫోన్ రెండుసార్లు ఫుల్" అనే వీడియో ఉంటే ముందు దాన్ని తీసేయండి. ఇప్పుడు జనం చేతుల్లో ఎక్కువగా ఉన్న అయిదు వేల ఎంఏహెచ్ ఫోన్ల విషయంలో ఆ మాట నిజం కాదు. ఎందుకు కాదో కింద లెక్కతో సహా చెబుతాను. మీరు అబద్ధం చెప్పాలనుకున్నారని నేను అనడం లేదు. డిస్ట్రిబ్యూటర్ పంపిన ఫీచర్ల కాగితం మీద 10,000 అని ఉంది, ఫోన్ మీద 5,000 అని ఉంది, భాగిస్తే రెండు వచ్చింది. ఆ లెక్కను నమ్మి కొన్న మనిషి మాత్రం సి షిఫ్ట్ దిగి రూముకు వెళ్లాక రెండోసారి సగం కూడా నిండని ఫోన్‌ను చూసుకుంటాడు.

ఆ కాగితాన్ని మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ముప్పై సెకన్లలో గడగడా చదివే వీడియోలు రోజురోజుకీ పెరుగుతున్నాయి. పది వేల ఎంఏహెచ్, 22.5 వాట్ల ఫాస్ట్ చార్జింగ్, రెండు పోర్టులు, టైప్ సి, ఎల్ఈడీ డిస్‌ప్లే, పన్నెండు రకాల రక్షణ, ఆరు నెలల వారంటీ. విన్నవాడికి చివరకు ఒక్కటీ గుర్తుండదు. చిక్కు అక్కడితో ఆగదు. ఇన్ని మాటలు ముప్పై సెకన్లలో ఇరికించాలంటే ప్రతి మాటకూ ఉండే షరతును కోసేయాల్సిందే. ఏ ఫోన్‌కు, ఏ కేబుల్‌తో, ఎన్ని పోర్టులు వాడితే అన్న వివరం పోయి మాట మాత్రమే మిగులుతుంది. కొన్నవాడిని మోసపుచ్చేది అలా మిగిలిన మాటే.

ఒక ప్రకటనకు ఒకే మాట అనే పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో టెడ్ బేట్స్ ఏజెన్సీలో పనిచేసిన రోసర్ రీవ్స్ 1961లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని సూత్రంగా పెట్టాడు. చూసేవాడు ఒక ప్రకటన నుంచి ఒక్క గట్టి మాటనే గుర్తుపెట్టుకుంటాడు కాబట్టి ఆ ఒక్కటి ఏదో ప్రకటన ఇచ్చేవాడే తేల్చుకోవాలని ఆయన వాదన. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ 2001 అక్టోబరులో వచ్చిన ఆపిల్ ఐపాడ్. దాని కాగితం మీద ఉన్న అసలు ఫీచరు అయిదు జీబీల హార్డ్ డిస్క్. ప్రకటన మాత్రం జేబులో వెయ్యి పాటలు అని చెప్పింది. అందరూ ఆ మాటను మెచ్చుకుంటారు గానీ దాని వెనకున్న లెక్కను చూసేవాళ్లు తక్కువ. పాట నాలుగు నిమిషాలు, నాణ్యత సెకనుకు 160 కిలోబిట్లు అనుకుంటే ఒక్కో పాటకు దాదాపు 4.8 ఎంబీ పడుతుంది. వెయ్యి పాటలకు 4.8 జీబీ. అయిదు జీబీల్లో సరిపోయింది. ఫీచరును లాభంగా మార్చడమంటే ఇదే. వినడానికి తేలికగా ఉండే మాట, దాని కింద ఎవరు వేసినా తేలే లెక్క. రెండోది లేకుండా మొదటిదాన్ని మాత్రమే మన షాపులవాళ్లు నేర్చుకుంటున్నారు.

కాబట్టి ఒక మామూలు కాగితాన్నే తీసుకుని మొదటి వరుస దగ్గర నిదానంగా ఆగుదాం.

పది వేల ఎంఏహెచ్ అనేది పెట్టె లోపలి సెల్స్‌కు సంబంధించిన అంకె. ఆ సెల్స్ వోల్టేజీ సుమారు 3.7. రెంటినీ గుణిస్తే 37 వాట్ అవర్లు, అంటే పవర్ బ్యాంకులో నిల్వ ఉన్న మొత్తం శక్తి అంతే. అది బయటికి రావాలంటే లోపలి సర్క్యూట్ 3.7 వోల్టులను 5 వోల్టులకో, ఇంకా పైకో పెంచాలి. ఆ పెంచడంలో కొంత వేడిగా పోతుంది. అందుకే సరైన పెట్టెల మీద పెద్ద అక్షరాల్లో ఉండే 10,000 కింద చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఇంకో అంకె ఉంటుంది. 5 వోల్టుల దగ్గర ఆరు వేలకు అటూ ఇటూగా ఉండే ఆ అంకె కొనేవాడికి నిజంగా దక్కేది. ఆరు వేలు అనుకుంటే 30 వాట్ అవర్లు. ఫోన్ దాన్ని లోపలికి తీసుకునేటప్పుడు మళ్లీ కొంత వేడిగా పోతుంది. వందకు పదిహేను పాళ్లు పోయిందనుకుంటే మిగిలేది ఇరవై అయిదున్నర. అయిదు వేల ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ నిండాలంటే సుమారు 19 వాట్ అవర్లు కావాలి. భాగించి చూడండి. రెండు రాదు, ఒకటీ మూడోవంతు వస్తుంది. చార్జింగ్‌లో పెట్టి వీడియోలు చూస్తుంటే అదీ తగ్గుతుంది.

ఈ లెక్క మీద నమ్మకం కుదరకపోతే షాపులోనే పరీక్ష చేయండి, రెండు ఫోన్లుంటే చాలు. పవర్ బ్యాంకును నిండా చార్జ్ చేసి ఒక గంట పక్కన పెట్టండి. పది శాతం దగ్గరున్న అయిదు వేల ఎంఏహెచ్ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి కేబుల్ తగిలించండి. వంద కాగానే తీసేసి, పది శాతం దగ్గరున్న అలాంటిదే రెండో ఫోన్‌ను తగిలించి, పవర్ బ్యాంక్ ఆరిపోయే దాకా వదిలేయండి. మొదటి ఫోన్‌కు ఎక్కినవి తొంభై పాయింట్లు. రెండోది 45 దగ్గర ఆగిందంటే దానికి ఎక్కినవి 35. మొత్తం 125, అంటే ఒకటిన్నర కూడా కాదు. ఒకే పెట్టెతో ఆగకుండా అదే మోడల్‌లో ఇంకో రెండు ముక్కలు తీసి ఇలాగే చూసి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకెను వీడియోలో వాడండి. వాట్ అవర్లు చూపించే యూఎస్‌బీ మీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, కౌంటర్ మీద ఒకటి ఉంచుకుంటే ఈ పని ఇంకా తేలిక.

త్రాసు కూడా నిజం చెబుతుంది. పది వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో సెల్స్ బరువే నూట యాభై గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. పెట్టె, సర్క్యూట్ కలిసి రెండు వందల గ్రాముల చుట్టుపక్కల తూగాలి. ఇరవై వేలు అని అచ్చువేసిన ముక్క నూట యాభై గ్రాములే తూగిందంటే ఇక చార్జింగ్ పరీక్ష అక్కర్లేదు. దానికి వీడియో తీయకండి, దాన్ని అమ్మకండి, వచ్చిన చోటికే తిప్పి పంపండి.

ఇప్పుడు ఆ 125 పాయింట్లను లాభంగా మార్చాలి. ఇక్కడ కొనేవాడు ఎవరు? బిహార్, ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చి ఇస్నాపూర్‌లోనో పాశమైలారంలోనో నలుగురైదుగురు కలిసి ఒకే గదిలో ఉండే కాంట్రాక్ట్ కార్మికుడు. గదిలో ప్లగ్గులు ఒకటో రెండో. డ్యూటీ దిగేసరికి ఫోన్ ఆరిపోవడానికి సిద్ధంగా ఉంటుంది, ఇంటికి మాట్లాడాలి, ప్లగ్గు ఖాళీ ఉండదు. అతనికి పది వేల ఎంఏహెచ్ అనే మాటతో పనిలేదు. ప్లగ్గు కోసం ఎదురుచూడకుండా ఫోన్ ఒకసారి నిండుతుందని తెలిస్తే చాలు. అందుకని వీడియో ఇరవై సెకన్లలో ఇలా నడవొచ్చు. మొదటి మూడు సెకన్లు పది శాతం చూపిస్తున్న ఫోన్, పక్కన నాలుగు చార్జర్లు గుచ్చుకున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు. మాట: "డ్యూటీ దిగి వచ్చారు, ప్లగ్గు ఖాళీ లేదు." తర్వాత కేబుల్ తగిలించడం, పెరుగుతున్న శాతం, గోడ గడియారం. మాట: "ఇది మీ ఫోన్‌ను ఒకసారి నిండా ఎక్కిస్తుంది, ఇంకా కొంచెం మిగులుతుంది." ఆ మాట వినిపిస్తున్నంతసేపూ తెర మీద పెద్ద అక్షరాల్లో: "5,000 ఎంఏహెచ్ ఫోన్‌తో మా షాపులో చేసిన పరీక్ష: మొదటి ఫోన్ 10 నుంచి 100 శాతం, రెండోది 10 నుంచి 45 శాతం." చివర ధర, షాపు పేరు. ఇక ఆపేయండి.

ఇందులో ఫాస్ట్ చార్జింగ్ లేదు, వారంటీ లేదు, రంగులు లేవు. వాటిని తెచ్చి అతికించాలని చేయి లాగుతుంది, ఆ దగ్గరే చాలామంది జారిపోతారు. స్క్రిప్టు చదువుకుంటున్నప్పుడు "అంతేకాదు" అనో "ఇంకా చూస్తే" అనో తగిలిందంటే అక్కడ రెండో ప్రకటన మొదలైందని గుర్తు. ఆ వాక్యం దగ్గర కాగితం చింపి, మిగతాది రేపటి వీడియోకు దాచుకోండి. తీసిన వీడియోను షాపుకు సంబంధం లేని ఒకరికి ఒక్కసారే చూపించి, ఫోన్ పక్కన పెట్టి, ఇది ఎందుకు పనికొస్తుందని అడగండి. ఒకే జవాబు వస్తే వీడియో కుదిరింది. రెండు చెప్పి మూడోదాని కోసం తడుముకుంటున్నాడంటే మళ్లీ కత్తిరించాలి. ఈ పరీక్షకు మీ దగ్గర పనిచేసే కుర్రాడు పనికిరాడు, అతనికి సరుకు ముందే తెలుసు.

రెండో వరుస 22.5 వాట్లు. దీనికి ఒక వీడియో తీయొచ్చు గానీ ఇది మొదటిదానికన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఇందులో మాట నిజమో కాదో కొనేవాడి జేబులోని ఫోన్ తేలుస్తుంది. ఎంత వేగంగా చార్జ్ కావాలో పవర్ బ్యాంకు, ఫోన్ తమలో తాము మాట్లాడుకుని ఒప్పుకోవాలి. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. ఎనభై వాట్ల చార్జర్‌తో వచ్చిన ఫోన్ కూడా ఈ పవర్ బ్యాంక్ భాష తెలియకపోతే పది, పదిహేను వాట్ల దగ్గరే ఆగిపోవచ్చు. తక్కువ ధర ఫోన్లు కొన్ని పది వాట్లకు మించి తీసుకోనే తీసుకోవు. కేబుల్ సరైనది కాకపోయినా అంతే. చాలా మోడళ్లలో రెండు పోర్టులకూ రెండు ఫోన్లు ఒకేసారి తగిలిస్తే ఫాస్ట్ చార్జింగ్ ఆగిపోయి, రెండూ కలిపి పదిహేను వాట్లను పంచుకుంటాయి. "రెండు ఫోన్లు ఒకేసారి, అదీ ఫాస్ట్‌గా" అని ఒకే వాక్యంలో చెప్పేవాళ్లు రెండు నిజాలను కలిపి ఒక అబద్ధం తయారు చేస్తున్నారు. కాగితం మీద ఆ రెండు ఫీచర్లూ పక్కపక్కనే ఉండడం వల్ల వచ్చే పొరపాటు ఇది. ఒక వీడియోకు ఒకే లాభం అని గిరి గీసుకుంటే ఈ పొరపాటుకు చోటే ఉండదు.

కాబట్టి ఈ వరుసకు వీడియో తీసేటప్పుడు మీ షాపులో ఎక్కువగా అమ్ముడయ్యే మూడు ఫోన్లు తీసుకుని, పెట్టెలో వచ్చిన కేబుల్‌తోనే, అరగంటలో ఎవరికి ఎన్ని పాయింట్లు ఎక్కాయో చూడండి. బాగా ఎక్కిన ఫోన్ పేరే వీడియోలో చెప్పండి. "ఈ మోడల్ ఫోన్ ఉన్నవాళ్లకు, అరగంటలో ఇంత" అంటే సరిపోతుంది. ఫోన్ పేరు చెప్పకుండా అరగంట లెక్క చెప్పొద్దు. చూసేవాళ్లు తగ్గుతారన్న భయం వద్దు. ఆ ఫోన్ లేనివాడు కొని, మర్నాడు పెట్టెతో తిరిగొచ్చి కౌంటర్ దగ్గర గొడవపడితే అప్పుడు పోయేది ఎక్కువ.

కొన్ని వరుసలకు అసలు వీడియో తీయకూడదు. "పన్నెండు రకాల రక్షణ" అలాంటిది. ఆ పన్నెండింటినీ షాపులో పరీక్షించే దారి మీకు లేదు. షార్ట్ సర్క్యూట్ చేసి చూపిస్తామని కెమెరా ముందు వైర్లు కలిపే సాహసం అసలే వద్దు. ఈ సరుకులో పెద్ద పేరున్న అంకర్ కంపెనీయే 2025 జూన్‌లో అమెరికాలో ఒక పది వేల ఎంఏహెచ్ మోడల్‌కు నిప్పంటుకునే ప్రమాదం ఉందని పదకొండు లక్షలకు పైగా ముక్కలను వెనక్కి పిలిచింది. అలాంటిది డిస్ట్రిబ్యూటర్ పంపిన కాగితం మీది ఒక్క వరుసను నమ్మి "ఇది ఎప్పటికీ పేలదు" అని మీరు హామీ ఇవ్వలేరు.

దాని బదులు మీరు చూపించగలిగింది ఒకటుంది. పవర్ బ్యాంకులకు మన దేశంలో బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేని సరుకును అమ్మడమే తప్పు. పెట్టె మీదా, ముక్క మీదా బీఐఎస్ గుర్తు దగ్గర R- తో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉండాలి. BIS Care యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు పేరు, చిరునామా, బ్రాండు, ఏ వస్తువుకు ఆ రిజిస్ట్రేషన్ ఇచ్చారో కనిపిస్తాయి. మోసం ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. నంబరు నిజమైనదే అయి ఉంటుంది, కానీ అది ఇంకో కంపెనీదో, ఎల్ఈడీ బల్బుదో, చార్జర్‌దో అవుతుంది. మీ చేతిలోని పెట్టె మీద ఉన్న బ్రాండు, తెర మీద కనిపించే బ్రాండు ఒకటేనా, వస్తువు పవర్ బ్యాంకేనా అన్నది చూడాలి. రెండూ సరిపోతే ఆ తనిఖీని అలాగే రికార్డు చేయండి. పెట్టె మీది నంబరు, యాప్‌లో కొట్టడం, వచ్చిన జవాబు. పదిహేను సెకన్ల వీడియో. మాట ఒక్కటే: "కొనేముందు ఈ నంబరు మీరే చూసుకోవచ్చు." ఇక్కడా షరతు ఉంది. రిజిస్ట్రేషన్ అంటే ఆ తయారీదారు ఇచ్చిన నమూనా ల్యాబ్ పరీక్షలో నెగ్గిందని అర్థం. ఎంత ఎక్కువసేపు వస్తుందో, ఎండలో కారులో వదిలేస్తే ఏమవుతుందో అది చెప్పదు. కాబట్టి "ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చింది" అనే మాట నోట రానివ్వకండి.

ఇక అన్నిటికన్నా తొందరగా చెప్పాల్సిన విషయం. ఈ ప్రాంతంలో పవర్ బ్యాంకుకు ఎవరికైనా ముందు తట్టే లాభం "పన్నెండు గంటల డ్యూటీలో ఫోన్ ఆగదు" అన్నది. ఆ మాట పట్టుకుని ప్లాంటు లోపల, యూనిఫాం జేబులో పవర్ బ్యాంకు పెట్టుకున్న కార్మికుడిని చూపించే వీడియోలు తీయకండి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం వైపు బల్క్ డ్రగ్ యూనిట్లు, రసాయన ఫ్యాక్టరీలు ఎన్నో ఉన్నాయి. సాల్వెంట్లు వాడే చోట, మండే ఆవిరి గానీ మండే పొడి గానీ గాల్లో ఉండే చోట, ప్రత్యేకంగా ఆ చోటుకు తయారై ధ్రువీకరణ పొందినవి తప్ప మరే ఎలక్ట్రానిక్ వస్తువునూ లోపలికి తీసుకెళ్లకూడదు. మామూలు ఫోన్ కూడదు, మామూలు పవర్ బ్యాంకూ కూడదు. కేబుల్ పెట్టి తీసేటప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ, పాడైన సెల్ వేడెక్కడం, రెండూ అక్కడ ప్రాణాల మీదికి తెస్తాయి. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడుకు ఫోన్లతో గానీ పవర్ బ్యాంకులతో గానీ సంబంధం ఉందని నేను అనడం లేదు. కానీ ఆ రోజు ఎన్ని కుటుంబాలు గేటు బయట నిలబడ్డాయో చూసిన ఊళ్లలో, గేటు దగ్గర డిపాజిట్ చేయాల్సిన వస్తువును జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లమని ఒక ప్రకటన నేర్పకూడదు.

డ్యూటీ లాభమే చెప్పాలనుకుంటే గేటు బయటి దాకా చెప్పండి. కంపెనీ బస్సు కోసం ముత్తంగి దగ్గర నిలబడినప్పుడు, డ్యూటీ దిగి రూముకు వచ్చాక. తెర మీద "ప్లాంటు లోపలికి తీసుకెళ్లకండి, సెక్యూరిటీ దగ్గర ఇవ్వండి" అన్న వాక్యం ఆ వీడియోకు షరతు. అది రెండో పాయింటు కాదు. లాభానికీ దాని హద్దుకూ మధ్య తేడా ఇక్కడే పట్టుకోవాలి. ఒకే మాట చెప్పాలన్న నియమం ఇంకో లాభాన్ని చేర్చొద్దంటుంది, అంతే. చెప్పిన లాభం ఎక్కడ ఆగిపోతుందో దాచమని అది ఏనాడూ చెప్పలేదు. అలాగే రాత్రి దిండు కింద పెట్టి చార్జ్ చేస్తున్న దృశ్యాలు కూడా తీయకండి. వేడి బయటికి పోయే దారి ఉండదు. ఉబ్బిన పవర్ బ్యాంకును వాడొద్దని చెప్పడానికైతే విడిగా ఒక వీడియో తీయండి, అది అమ్మకానికి కాకపోయినా మీ షాపు పేరుతోనే తీయండి.

ఊరికి వెళ్లే సీజన్‌కు ఇంకో లాభం సిద్ధంగా ఉంది. హైదరాబాద్ నుంచి దానాపూర్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ ప్రయాణం ఒక రోజు దాటుతుంది. జనరల్ బోగీలో ప్లగ్గు దొరకడం అదృష్టం. "ఊరు చేరేదాకా ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు" అన్నది మంచి మాట. కానీ దారి పొడవునా సినిమాలు చూసేవాడికి ఒకటింబావు చార్జింగ్ చాలదు, కాబట్టి మాటను ఫోన్ కాల్స్ దగ్గరే కట్టేయండి. విమానంలో వెళ్లేవాళ్ల కోసం తీస్తే 37 వాట్ అవర్లు అనే అంకె పనికొస్తుంది. నూరు వాట్ అవర్ల లోపు పవర్ బ్యాంకును చేతి సంచీలో మాత్రమే తీసుకెళ్లనిస్తారు, చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు. విమానంలో దాన్ని వాడి చార్జ్ చేసుకోవచ్చని మాత్రం చెప్పకండి. ఆ విషయంలో ఎయిర్‌లైన్ల నియమాలు గట్టిపడుతున్నాయి.

చివరగా చట్టం సంగతి, ఎందుకంటే షాపు రీల్‌ను ఎవరు పట్టించుకుంటారులే అన్న ధీమా కనిపిస్తోంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకటన అంటే టీవీదీ పేపర్‌దీ మాత్రమే అనలేదు, ఇంటర్నెట్‌లో పెట్టింది కూడా అందులోకే వస్తుంది. తప్పుదారి పట్టించే ప్రకటనను ఆపమని, మార్చమని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ అమ్మే వ్యాపారికి కూడా ఆదేశం ఇవ్వగలదు. తయారీదారుకు గానీ, సరుకును మెచ్చుకుంటూ కెమెరా ముందు నిలబడిన వ్యక్తికి గానీ మొదటిసారి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయగలదు. మీకు రీళ్లు చేసిపెట్టే లోకల్ ఇన్‌ఫ్లుయెన్సర్‌కు ఈ సంగతి ముందే చెప్పండి, కాగితం మీది వరుసను చదివిన పాపానికి ఆ కుర్రాడు ఇరుక్కోకూడదు.

2022 జూన్‌లో ఆ అథారిటీ తెచ్చిన మార్గదర్శకాల్లో మన ప్రాంతానికి సూటిగా తగిలే నిబంధన ఒకటుంది. ప్రకటనలో మాట ఏ భాషలో చెప్పారో షరతు కూడా అదే భాషలో ఉండాలి. స్పష్టంగా, చదవగలిగేలా ఉండాలి. మాటను గొంతుతో చెబితే షరతు ఆ గొంతుతో పాటే కనిపించాలి. అసలు మాటను తిప్పికొట్టేలా, చెప్పిన అబద్ధాన్ని సర్దిపుచ్చేలా షరతు ఉండకూడదు. ఇప్పుడు మీ వీడియోలను గుర్తుచేసుకోండి. ఇస్నాపూర్ చౌరస్తా షాపులో గొంతు హిందీలో ఉంటుంది, కొనేవాడు ఒడిశా నుంచి వచ్చినవాడు, కింద మూలన ఇంగ్లీషులో చీమతలంత అక్షరాల్లో "షరతులు వర్తిస్తాయి" అని ఉంటుంది. అది షరతు చెప్పినట్టు కాదు. హిందీ వీడియోకు "పాంచ్ హజార్ ఎంఏహెచ్ ఫోన్ ఏక్ బార్ ఫుల్" అని హిందీ గొంతు, ఆ పరీక్ష వివరం హిందీలోనే తెర మీద. తెలుగు వీడియోకు తెలుగు. ఒక వీడియో తీసి రెండు భాషల్లో డబ్బింగ్ చెప్పేవాళ్లు తెర మీది అక్షరాలు కూడా మార్చాలి, అది మరిచిపోతున్నారు.

కొన్నవాళ్లకూ ఒక మాట. రెండుసార్లు ఫుల్ అని చెప్పి అమ్మిన ముక్క పైన చెప్పిన పరీక్షలో ఒకసారి కూడా నింపలేకపోతే బిల్లు, పెట్టె, ఆ వీడియో లింకు లేదా స్క్రీన్ రికార్డింగ్ దాచుకోండి. ముందు షాపును అడగండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. బిల్లు లేకుండా కొనొద్దు, ఎందుకంటే అప్పుడు మీ మాటకు ఆధారం ఉండదు.

షాపులవాళ్లు ఈ వారంలో చేయాల్సింది ఇంతే. కాగితం మీది ప్రతి వరుస పక్కన ఇది ఎవరికి పనికొస్తుంది, దేనితో పరీక్షించాం, ఎక్కడ ఆగిపోతుంది అని మూడు ఖాళీలు గీసి నింపండి. మూడూ నిండిన వరుసకే వీడియో. మామూలు పవర్ బ్యాంకుకు అలాంటివి మూడో నాలుగో తేలతాయి, మిగతావి పెట్టె మీదే ఉండనివ్వండి. పాత వీడియోలను డిలీట్ చేయడంతో పని అయిపోదు, వాట్సాప్ గ్రూపుల్లో అవి ఇప్పటికే తిరుగుతున్నాయి. ఏ గ్రూపుల్లో పెట్టారో ఆ గ్రూపుల్లోనే "రెండుసార్లు అని చెప్పాం, పరీక్షిస్తే ఒకటింబావే వచ్చింది, ఆ వీడియో చూసి కొన్నవాళ్లు బిల్లుతో రండి" అని షాపు పేరుతో, తెలుగులోనూ హిందీలోనూ పెట్టండి.